మెసేజ్ పెట్టే ముందు ఒకసారి చెరిపేయండి

ప్రశ్న: పెళ్లయి తొమ్మిదేళ్లు. ఇద్దరివీ ఉద్యోగాలే. గొడవల్లేవు గానీ ఆరు నెలలుగా పాలు, ఫీజులు, ఈఎమ్ఐలు తప్ప మా మధ్య మాటల్లేవు. ఎదురుగా కూర్చుని చెప్పాలంటే నోరు రావట్లేదు. మెసేజ్ పెడితే ఉపయోగం ఉంటుందా? ఏం రాయాలి?

జవాబు: మా ఇంట్లో ఉపయోగపడింది. అయితే మొదట రాసింది కాదు, రెండోది.

మాది గుంటూరు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారిది మందుల షాపు. పోయిన జూన్‌లో రెండో షాపు పెట్టారు. అప్పటి నుంచి ఆయన ఇంటికొచ్చేసరికి పదకొండు. నేను ఐదింటికి లేవాలి కదా, కంచంలో వడ్డించి మూత పెట్టి పడుకునేదాన్ని. కొన్నాళ్లకు నిద్ర పట్టకపోయినా తాళం చప్పుడు వినగానే కళ్లు మూసుకోవడం అలవాటైంది. ఏం మాట్లాడాలో తెలియక.

జనవరిలో ఒక రాత్రి మంచినీళ్ల కోసం లేచాను. ఆయన వంటింట్లో పెద్ద లైటు వేయకుండా, సెల్‌ఫోన్ లైటు గట్టు మీద పెట్టుకుని, నిలబడే చల్లటి అన్నం తింటున్నారు. పిల్లలు లేస్తారని కాబోలు. వెనక్కొచ్చి పడుకున్నాను.

ఆ రాత్రే పెద్ద మెసేజ్ టైప్ చేశాను. 'మీకు షాపే ముఖ్యం', 'మీరెప్పుడూ ఇంతే' అంటూ రెండు స్క్రీన్లు. ఎందుకో పంపలేదు. పొద్దున బస్సులో చదివితే స్కూల్లో మాకిచ్చే మెమోలా ఉంది. అది అందితే ఎవరైనా సంజాయిషీ ఇస్తారు, దగ్గరికి రారు. చెరిపేసి మళ్లీ రాశాను:

'కంగారు పడకండి, పిల్లలు బాగానే ఉన్నారు. రాత్రి మీరు సెల్ లైటులో నిలబడి తినడం చూశాను. పక్కన కూర్చోవాలనిపించింది, కూర్చోలేదు. కొన్ని నెలలుగా మీరొచ్చేసరికి మెలకువగా ఉండి కూడా నిద్ర నటిస్తున్నాను. అది నా తప్పు. మీతో కబుర్లు చెప్పి చాలా రోజులైంది, బెంగగా ఉంది. గురువారం రాత్రి మేలుకుని ఉంటాను, కలిసి తిందాం. ఇప్పుడు జవాబు రాయక్కర్లేదు.'

మొదటి వాక్యం నవ్వులాటకి పెట్టింది కాదు. పగటిపూట పెళ్లాం దగ్గర్నుంచి పొడుగు మెసేజ్ వస్తే ముందు గుండె గుభేల్‌మంటుంది. షాపులో రద్దీ లేని టైము చూసి, మధ్యాహ్నం మూడింటికి పంపాను. ఇందులో 'కానీ' అన్న మాట లేదు చూడండి. మొదట 'నా తప్పే, కానీ మీరు కూడా' అనే రాశాను. ఆ సగం తీసేయడానికే ఎక్కువ సేపు పట్టింది.

నీలం టిక్కులు వెంటనే వచ్చాయి. జవాబు సాయంత్రం ఆరున్నర దాటాక వచ్చింది: 'సరే'. అంతే! ఒళ్లు మండింది. 'ఇంతేనా?' అని టైప్ చేసి ఆపేశాను. జవాబు అక్కర్లేదని నేనే రాశాను కదా. మీరూ రెండో మెసేజ్ పెట్టకండి, మొదటిదాని విలువ పోతుంది.

గురువారం పదింటికే వచ్చారు, చేతిలో చల్లారిన మిరపకాయ బజ్జీల పొట్లంతో. అరగంట సేపు హోల్‌సేల్ వాళ్లు ఎక్స్‌పైరీ మందులు వెనక్కి తీసుకోవట్లేదన్న గొడవే చెప్పారు. విన్నాను. అప్పుడన్నారు, 'నువ్వు నటిస్తున్నావని నాకు తెలుసు. నిజంగా నిద్రపోతే దుప్పటి తన్నేస్తావుగా' అని. ఇద్దరం నవ్వాం.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. రెండో షాపు కోసం నా గాజులు, నెక్లెసు బ్యాంకులో తాకట్టు పెట్టాం. సంతకం పెట్టిన రోజు నేను ముభావంగా ఉన్నానట. నిజానికి ఆ రోజు నాకు తలనొప్పి. ఆయన మాత్రం, నగలు విడిపించేదాకా ఈవిడకి నా మొహం చూడాలని ఉండదు అనుకుని, షాపు కట్టేశాక కూడా లెక్కల పేరుతో అక్కడే కూర్చునేవారట. నేనేమో ఆయనకు ఇల్లు పట్టలేదనుకున్నాను. మెసేజ్‌లో నగల ఊసే లేదు. నా తప్పు నేను ముందు ఒప్పుకోబట్టి ఆయనకు ఈ మాట చెప్పే ధైర్యం వచ్చిందని నా అనుమానం.

అందుకే మీరు కూడా అన్నీ ఒక్క మెసేజ్‌లో తేల్చాలనుకోకండి. మీ కంటపడిన ఒక్క సంగతి, మీ వైపు తప్పు ఒకటి, ఎప్పుడు కూర్చుందామో ఒక రోజు. అంతకంటే ఎక్కువైతే చదివేవాళ్లకి ఊపిరాడదు. మీ ఇంట్లో చెయ్యి చేసుకోవడం, భయపెట్టడం లాంటివి ఉంటే మాత్రం ఇది మందు కాదు. అక్కడ తప్పు మీ మీద వేసుకుని రాయకండి, నమ్మకమైన పెద్దవాళ్లతోనో కౌన్సెలర్‌తోనో ముందు మాట్లాడండి.

అప్పటి నుంచి గురువారం రాత్రి కలిసి తినడం అలవాటైంది. మార్చిలో నా పరీక్ష పేపర్లు, ఆయన స్టాకు లెక్కలు కలిసొచ్చి మూడు గురువారాలు పోయాయి. నాలుగోసారి ఆయనే మెసేజ్ పెట్టారు: 'కంగారు పడకు, షాపు బాగానే ఉంది. ఈ రాత్రి నాకు వడ్డించి మూత పెట్టకు, వచ్చాక కలిసి తిందాం.'