అరిగిన ప్రాంగును నొక్కితే రాయి నిలవదు

ప్రశ్న: "నా ఉంగరంలో రాయి కాస్త కదులుతున్నట్టు అనిపిస్తోంది. షాపువాళ్లు రాయిని పట్టుకుని ఉండే సన్నని బంగారు కాళ్లు, అదే ప్రాంగులు, నొక్కేస్తే సరిపోతుంది అంటున్నారు, తెలిసినవాళ్లు రీటిప్పింగ్ చేయించమంటున్నారు. అసలు రాయి ఊడిపోబోతోందని ముందే ఎలా తెలుస్తుంది?"

నొక్కుతామంటే వెంటనే ఒప్పుకోకండి. ముందు ప్రాంగుల కొనలు భూతద్దంలో మీకే చూపించమనండి. కొన గుండ్రంగా, కాస్త ఉబ్బెత్తుగా ఉండి రాయి మాత్రమే కదులుతుంటే నొక్కితే సరిపోతుంది. కొన అరిగి పలచబడిపోతే నొక్కడానికి అక్కడ బంగారమే మిగలదు. అప్పుడు పైన కొత్త బంగారం వేసి కొన కట్టాల్సిందే, రీటిప్పింగ్ అంటే అదే. మా అక్క పచ్చ ఉంగరం విషయంలో ఈ తేడా దగ్గరుండి చూశాను.

అక్కది 18 క్యారెట్ల ఉంగరం, నాలుగు ప్రాంగుల మీద పచ్చ. జాతకం చూసినాయన రాయి వేలికి తగలాలన్నాడని వెనక తెరిచి చేయించారు. చిటికెన వేలికి పెట్టుకుని వంటా, గిన్నెలూ, బట్టలూ అన్నీ దానితోనే చేసేది. ఒకరోజు తుడుచుకుంటుంటే తువ్వాలు దారం ఉంగరానికి పట్టుకుంది. కొన్న షాపుకి తీసుకెళ్తే కౌంటర్ దగ్గరే పట్టుకారుతో నొక్కి రెండు నిమిషాల్లో ఇచ్చేశారు. కొన్నాళ్లకి చీర జరీ పట్టుకోవడం మొదలైంది, అదీ అదే ప్రాంగు దగ్గర.

ఈసారి అక్కని సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో రాళ్లు పొదిగే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఉంగరాన్ని గోరువెచ్చని సబ్బు నీళ్లలో ఉంచి, మెత్తటి బ్రష్‌తో వెనక నుంచి రుద్దారు. రాయి కింద పేరుకున్న పిండి, సబ్బు మడ్డి అంతా బయటికి వచ్చింది. తర్వాత చెవి దగ్గర పెట్టి వేలితో తడితే సన్నగా టిక్ టిక్‌మని చప్పుడు! అప్పటిదాకా రాయిని ఆపింది ఆ మడ్డే. "క్లీనింగ్ చేయించాకే రాయి వదులైంది" అని చాలామంది అంటారు కదా, సాధారణంగా జరిగేది ఇదే. వదులు ముందే ఉంది, మురికి దాన్ని దాచింది.

భూతద్దంలో చూస్తే వేలి బయటి వైపున్న రెండు ప్రాంగులు అరిగాయి. ఒకదాని కొన రాయి మీద రేకులా పలచగా పరుచుకుని, అంచు కొద్దిగా పైకి లేచింది. దారాలు పట్టుకుంటున్నది ఆ లేచిన అంచే. రెండో ప్రాంగు వంపు దగ్గర సన్నని చీలిక. బంగారాన్ని ఒకేచోట పదేపదే వంచితే గట్టిపడి పగులుతుంది. పలచబడ్డ ప్రాంగును నొక్కినప్పుడు జరిగేది అదే. అందుకే నొక్కితే చాలు అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. ఆ నెల గడుస్తుంది, తర్వాత రాయి పోతుంది.

పచ్చతో ఇంకో చిక్కుంది. చాలా పచ్చల్లో సహజంగా పగుళ్లు ఉంటాయి, అవి కనపడకుండా నూనె పట్టిస్తారు. మంట తగిలితే ఆ నూనె పోతుంది, రాయి పగలొచ్చు కూడా. అందుకని ఆయన ముందు మంచి ప్రాంగులను మెల్లగా పైకి లేపి రాయి తీసి పక్కన పెట్టారు. అరిగిన కొనను ఆకురాయితో చదును చేసి, అదే క్యారెట్ బంగారంతో చిన్న గుండు తయారుచేసి, వెలిగారం రాసి, టంకంతో అతికించారు. చీలిన ప్రాంగుకి మాత్రం కొన కట్టలేదు. "అడుగున బలం లేనిదానికి పైన ఎంత వేసినా నిలవదమ్మా" అని దాన్ని పూర్తిగా కోసి కొత్తది పెట్టారు. తర్వాత రాయి అంచు కూర్చునే గాడిని సరిచేసి, రాయి పెట్టి, ఎదురెదురు ప్రాంగులను కొంచెం కొంచెంగా మార్చి మార్చి నొక్కారు. ఒకవైపు ముందే బిగిస్తే రాయి ఓరగా కూర్చుంటుంది, పచ్చ అయితే దాని అంచు పెచ్చులు కూడా ఊడొచ్చు. చివర్లో కొనలు గుండ్రంగా చేసి, పల్చటి గుడ్డ మీద రుద్ది చూపించారు. ఒక్క పోగు కూడా పట్టుకోలేదు.

మీది వజ్రం అయితే రాయి తీయకుండానే బోరిక్ యాసిడ్ పూత పూసి మంట పెట్టే పద్ధతి ఉంది. పూత సరిగ్గా లేకపోతే వజ్రం పైభాగం కాలి మసకబారుతుంది, కాబట్టి అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి. కెంపు అయితే గాజు నింపినదా అని ముందు అడగండి, ఆ గాజు మంటకి పాడైపోతుంది. ముత్యం, పగడం ఉన్న నవరత్నాల ఉంగరానికి మంట మాటే వద్దు. రాళ్లు తీసి చేయాలి, లేదా లేజర్ వెల్డింగ్ ఉన్నచోటికి వెళ్లాలి. లేజర్ వేడి చుక్కంత చోటులోనే ఉంటుంది.

ఇంట్లో ఎవరైనా చూసుకోవలసింది ఇంతే. దారం, జుట్టు పట్టుకోవడం మొదటి గుర్తు, దాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి. ఉంగరం శుభ్రం చేశాక తట్టి చప్పుడు వినండి. టూత్‌పిక్ మొనతో రాయి అంచుని మెల్లగా నెట్టండి, తిరిగినా ఊగినా వదులే. వెలుతురులో పక్క నుంచి చూస్తే రాయి ఓరగా ఉండటమో, ప్రాంగుకీ రాయికీ మధ్య సందు కనపడటమో కూడా ప్రమాదమే. ప్రాంగులన్నీ ఒకే ఎత్తులో లేకపోతే పొట్టిదే అరిగిందని నా లెక్క.

ఇంకో మాట. పండక్కి ఫ్రీ పాలిషింగ్ అని షాపులు పిలుస్తాయి, అందరూ సంబరంగా ఇచ్చేస్తారు. యంత్రం మీద చేసే ప్రతి పాలిష్ కాస్త బంగారాన్ని తీసేస్తుంది, అందులో ముందుగా పోయేది బయటికి పొడుచుకొచ్చిన ప్రాంగుల కొనలే. వైట్ గోల్డ్‌కి తెల్లటి మెరుపు కోసం రోడియం పూత వేసే ముందు కూడా పాలిష్ చేస్తారు. మెరుపు కోసం ఏటా ఇలా చేయించడం నా దృష్టిలో రాయిని చేతులారా పోగొట్టుకోవడమే. వదులైన రాయి కింద గమ్ చుక్క వేసి ఇచ్చే షాపులు కూడా ఉన్నాయి. అది సబ్బు నీళ్లకి వదిలేస్తుంది, తర్వాత ఎవరైనా సరిచేయబోతే ముందు ఆ గమ్మంతా గీకాలి.

రోజూ పెట్టుకునే ఉంగరం కొత్తగా చేయించుకునేవాళ్లకి నేను నాలుగు ప్రాంగులు వద్దనే చెబుతాను. నాలుగులో ఒకటి పోతే రాయి జారిపోవచ్చు, ఆరులో ఒకటి పోయినా మిగతావి పట్టుకుని ఉంటాయి. చుట్టూ బంగారు గట్టు కట్టించుకుంటే ఇంకా మేలు. మెరుపు కాస్త తగ్గుతుంది, అయితే తగ్గనివ్వండి.

మీరు మాత్రం ఇప్పుడే ఉంగరం తీసేయండి. రాయి కదులుతోంది కాబట్టి కడగడం, తట్టి చూడటం కూడా వద్దు, అది పనివాడి బల్ల మీదే జరగాలి. చిన్న జిప్ కవర్లో వేసి తీసుకెళ్లండి, దారిలో ఊడినా కవర్లోనే ఉంటుంది. ఇచ్చే ముందు రాయిని దగ్గర నుంచి ఫోటో తీసి, ఉంగరం బరువు మీ ఎదురుగా తూయించి రసీదు మీద రాయించుకోండి. ఏ ప్రాంగుకి కొన కడుతున్నారు, దేన్ని కొత్తగా పెడుతున్నారు, రాయి తీసి చేస్తారా ఉంచి చేస్తారా అన్నవి కూడా అందులో ఉండాలి. రాయడానికి ఒప్పుకోని చోట ఇవ్వకండి.