దాదీమా వాటా వదిలేసి రాసుకున్న లెక్క

ప్రశ్న: నాన్నగారు పోయారు. అమ్మ, మేమిద్దరం అన్నదమ్ములం, ఒక చెల్లి, నాన్నగారి అమ్మ ఉన్నాం. సున్నీలం, అమలాపురం దగ్గర. ఎవరికెంత వస్తుంది?

మాది రాజోలు వైపు. మా ఇంట్లోనూ అప్పుడు సరిగ్గా ఇంతమందే, అందుకని మా లెక్కే చెబుతాను.

దఫను ఖర్చు, అప్పులు తీరాకే పంపకం. అమ్మకి ఇవ్వని మెహర్ ఉంటే అదీ అప్పే, ఆవిడ వాటాలో కలిపెయ్యకండి. మాకు సొసైటీ అప్పూ మెహరూ తీరాక 2 ఎకరాల 40 సెంట్లు, అంటే 240 సెంట్లు మిగిలింది.

పిల్లలున్నారు కాబట్టి అమ్మకి ఎనిమిదో వంతు (మా పెద్దలు రూపాయిలో రెండణాలు అనేవారు), దాదీమాకి ఆరో వంతు. రెండూ మొత్తం మీదే తియ్యాలి. అమ్మది తీసేసి మిగిలినదాంట్లో ఆరో వంతు తీస్తే తప్పు, మా తమ్ముడు మొదట అలాగే వేశాడు. అమ్మకి 30, దాదీమాకి 40 పోను 170 సెంట్లు. కొడుక్కి రెండు, కూతురికి ఒకటి చొప్పున అయిదు భాగాలు చేస్తే ఒక్కోటి 34. నాకూ తమ్ముడికీ చెరి 68, చెల్లికి 34. మీ ఆస్తి ఎంతైనా 120 భాగాలు చెయ్యండి: అమ్మకి 15, దాదీమాకి 20, కొడుకులకి చెరి 34, కూతురికి 17.

ఊళ్లో ఒకాయన పొలానికి షరియత్ వర్తించదన్నాడు. 1937 చట్టం వ్యవసాయ భూమిని వదిలేసిన మాట నిజమే. కానీ మనం మద్రాసు రాష్ట్రంలో ఉండగానే 1949 సవరణ ఆ మినహాయింపు తీసేసింది.

మేం దెబ్బతిన్నది దాదీమా దగ్గర. "ముసలావిడ మన దగ్గరే తింటోంది, ఆవిడకి వేరే వాటా ఎందుకు" అని కాగితం మీద నాలుగు పేర్లే రాసుకున్నాం. ఎనిమిది నెలలకి ఆవిడ పోయింది. నలభయ్యో రోజు దాటగానే చిన్నాన్నలిద్దరూ వచ్చి అడిగారు. న్యాయంగానే అడిగారు. కొలిచినా కొలవకపోయినా, నాన్న పోయిన క్షణం నుంచి ఆ 40 సెంట్లు ఆవిడవి. మా తాత ముందే పోయారు కాబట్టి అవి చిన్నాన్నలకి చెరి 16, మేనత్తకి 8. నాన్న ఆవిడకన్నా ముందే పోయారు, బతికున్న కొడుకులుండగా మనవలమైన మాకు అందులో ఒక్క సెంటూ రాదు.

అప్పటికే ఆ బోదె పక్క ముక్కలో కొబ్బరి మొక్కలు వేసేశాం. ధర కట్టి ముగ్గురికీ డబ్బిచ్చి, కొనుక్కుంటున్నట్టు రిజిస్టర్ చేయించుకున్నాం.

మీ దాదీమా పేరు కుటుంబ సభ్యుల సర్టిఫికెట్లో పడిందో లేదో ముందు చూడండి. ఆవిడే వద్దంటే, నోటిమాటతో ఊరుకోక, ఆవిడ ఉండగానే సబ్ రిజిస్ట్రార్ దగ్గర హక్కు విడుదల దస్తావేజు రాయించండి.