ఫ్యామిలీ రెస్టారెంటా, మెస్సా? పేరును బట్టే ప్లేటు లెక్క

“విజయనగరం కంటోన్మెంట్ ప్రాంతంలో 24 కుర్చీల చిన్న హోటల్ పెడుతున్నాం. మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవ పెట్టిన కూర, గుమ్మడికాయ పులుసు, చారు, పెరుగుతో ప్లేటు భోజనం 120 రూపాయలు. ఆదివారం చేపల పులుసు, కోడికూర ఉంటాయి. రాత్రి మాత్రం చపాతీ, ఎగ్ ఫ్రైడ్ రైస్. మా వారు ‘గ్రాండ్ ఫ్యామిలీ రెస్టారెంట్’ అంటున్నారు. మా అబ్బాయి ‘అమ్మ చేతి వంట’ అంటున్నాడు. వెలుగు అక్షరాల బోర్డుకు 45 వేలు అడుగుతున్నారు. ఏ పేరు పెట్టమంటారు? ఖర్చుల లెక్క జత చేశాను.” – ఒక పాఠకురాలు, విజయనగరం

ఆ 45 వేలు ఇంకా చేతిలోనే ఉన్నాయి కాబట్టి ముందు మీ ఖర్చుల కాగితం చూద్దాం. పేరు సంగతి అందులోనే తేలుతుంది.

మీ లెక్క ప్రకారం ఒక్కో ప్లేటుకు సరుకులు, గ్యాసు కలిపి 50 రూపాయలు. అంటే ప్లేటుకు 70 రూపాయలు మిగులుతాయి. అద్దె, జీతాలు, కరెంటు కలిపి నెలకు 77 వేలు. ఆ 77 వేలు రావాలంటే నెలకు 1,100 ప్లేట్లు అమ్మాలి. వారానికో సెలవు పోను 26 రోజులు అనుకుంటే రోజుకు 43 ప్లేట్లు. పన్నెండున్నర నుంచి రెండున్నర వరకు ఒక్కో కుర్చీలో ఇద్దరు తిని లేస్తే మీ హోటల్లో పట్టేది 48 మంది. 43కి, 48కి మధ్య ఉన్న ఆ అయిదు ప్లేట్లే మీ వెసులుబాటు. రాత్రి అమ్మకాలను నేను కలపలేదు. కొత్త హోటల్‌కు రాత్రి బేరం కుదురుకోవడానికి సమయం పడుతుంది.

ఇప్పుడు మీ వారి పేరు పెట్టి చూడండి. ‘ఫ్యామిలీ రెస్టారెంట్’ అనగానే మన ఊళ్లో ఎవరైనా ఏసీ, మెనూ కార్డు, బిర్యానీ ఉంటాయనుకునే వస్తారు. నలుగురు వచ్చి కూర్చుని బిర్యానీ లేదని తెలిశాక లేచి వెళ్లిపోతే రెండో రోజుకే మీ వారికి బిర్యానీ మాస్టర్ గుర్తుకొస్తాడు. అతని జీతం 20 వేలు, ఏసీ కరెంటు 8 వేలు అనుకుందాం. నెల ఖర్చు లక్షా అయిదు వేలకు చేరుతుంది. రోజుకు 58 ప్లేట్లు అమ్మాలి, ఉన్న చోటు 48 మందికే. రాత్రి బిర్యానీ అమ్మి పూడ్చుకుంటామంటారేమో. అది సాధ్యమే, కాకపోతే అప్పుడు మీరు నడిపేది మరో హోటల్. పప్పు, పులుసు దానికి పక్క వంటకాలవుతాయి.

ఎవరైనా ‘మెస్’ అని కూడా సలహా ఇస్తారు. ఆ మాటకు అర్థం అడిగినంత అన్నం, అడిగినన్ని సార్లు కూర. మారు వడ్డన వల్ల ప్లేటుకు 12 రూపాయలు అదనంగా పోయినా మిగులు 58కి పడిపోతుంది, రోజుకు 52 ప్లేట్లు కావాలి. అదీ మీ కుర్చీలకు మించిందే. మీరు పెట్టేది ప్లేటు భోజనమైతే ఆ సంగతి బయటే తెలియాలి. కూర్చున్నాక తెలిస్తే గొడవ వడ్డించే కుర్రాడితో అవుతుంది. ‘విలాస్’, ‘భవన్’ జోలికి మాత్రం అసలు వెళ్లకండి. పూర్తి శాకాహారమని నమ్మి వచ్చినవారికి ఆదివారం చేపల పులుసు వాసన తగిలితే మళ్లీ గుమ్మం ఎక్కరు.

మీ అబ్బాయి చెప్పిన పేరు వంటకు దగ్గరగానే ఉంది, కానీ దానితో నాకు రెండు ఇబ్బందులు కనిపిస్తున్నాయి. మొదటిది ధర. అద్దె గదుల్లో ఉండే ఉద్యోగులకు, విద్యార్థులకు ‘అమ్మ చేతి వంట’ ఆశ పుట్టిస్తుంది. చుట్టుపక్కల కాపురాలు ఉండేవారు మాత్రం “ఇంట్లో వండుకునే పప్పుకు 120 ఎందుకు?” అంటారు. రెండోది మీ రాత్రి మెనూ. అమ్మ పేరు చూసి సోడా ఉప్పు, అజినోమోటో ఉండవని నమ్మి వచ్చినవారు పెద్ద మంట మీద మూకుడులో సోయా సాస్ పడటం చూస్తే, మధ్యాహ్నం చారును కూడా అనుమానిస్తారు. ఫ్రైడ్ రైస్ అమ్మడంలో తప్పేమీ లేదు. పేరు పది ప్లేట్లకూ మాట ఇస్తుంటే, మీరు నిలబెట్టుకోగలిగేది ఎనిమిదింటికే. వంటమనిషి సెలవు పెట్టిన రోజున అదీ కష్టమే.

అందుకే రోజూ తప్పకుండా పొయ్యి మీద ఉండేదాన్నే పేరుగా పెట్టమంటాను. పనసపొట్టు పేరు నోరూరిస్తుంది, కానీ పనసకాయ ఏడాది పొడవునా ఒకే ధరకు దొరకదు. పప్పు, పులుసు అలా కావు. ‘పప్పూ పులుసూ’ అని పెట్టి, కింద అందులో సగం సైజు అక్షరాలతో ‘మధ్యాహ్నం ప్లేటు భోజనం 120 – రాత్రి చపాతీ, ఫ్రైడ్ రైస్ – ఆదివారం చేపల పులుసు’ అని రాయించండి. బిర్యానీ కోసం వచ్చేవారు రోడ్డు మీదే ఆగిపోతారు. పులుసు అన్న మాటలో గుమ్మడికాయా ఉంది, చేపా ఉంది. ఇంటి వంట అని ఎక్కడా చెప్పుకోలేదు, అయినా తెలుస్తుంది. ఇదే పేరు పెట్టాలని నా పట్టుదల కాదు. దీని అమరిక చూసి మీకు నచ్చినది పెట్టుకోండి.

ఏ పేరైనా ముందు కాగితం మీద రాసి, మీ కొట్టు ముందు నుంచి వెళ్లే ఇరవై మందికి చూపించండి. బంధువులకు వద్దు, వాళ్లు బాగుందనే అంటారు. “పేరు బాగుందా?” అని అడగవద్దు. “ఇక్కడ ఏం దొరుకుతుంది? ఎంత ఉండొచ్చు?” అని అడగండి. నలుగురైదుగురు బిర్యానీ అన్నా, ఎక్కువమంది 80 రూపాయలు అన్నా ఆ పేరు పక్కన పెట్టండి. పేరును ఫోనులో ఒకరికి చెప్పి మ్యాపులో వెతకమనండి. అదే పేరుతో మరో నాలుగు హోటళ్లు వస్తే మీ బేరం వాటికి వెళుతుంది.

తరవాత వెలుగు బోర్డుకు బదులు ఫ్లెక్సీ కట్టి మూడు నెలలు నడపండి. కౌంటరు దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి, తినకుండా తిరిగి వెళ్లినవారు ఏమడిగారో రాయండి. రోజుకు ఆరుగురు “బిర్యానీ లేదా?” అని వెళ్లిపోతుంటే నెలకు దాదాపు 11 వేల మిగులు మీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నట్టు. తప్పు వంటది కాదు, బోర్డుది. అన్నం మారు వడ్డించలేదన్న తగవులు వస్తుంటే పేరు సరైనదే, కింది వరుసలో ‘ప్లేటు భోజనం’ అన్న మాట కనిపించడం లేదు. దాన్ని పెద్దది చేయిస్తే సరిపోతుంది.

కాగితాల విషయం ఒక్కటి గుర్తుంచుకోండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి, నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు, బ్యాంకు కరెంట్ ఖాతా, క్యూఆర్ కోడ్ అన్నింటిలో ఒకే పేరు ఉంటే పని సులువు. తరవాత మార్చాలంటే ప్రతిచోటా మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. కాబట్టి ఇరవై మందిని అడిగే పని ఈ కాగితాల కంటే ముందే ముగించండి. ట్రేడ్‌మార్క్‌కు హోటళ్లది 43వ తరగతి, చిన్న వ్యాపారులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే రుసుము 4,500. అమ్మేదాన్ని మాత్రమే వర్ణించే పేర్లకు రక్షణ దొరకడం కష్టం, ‘పప్పూ పులుసూ’కు కూడా ఆ చిక్కు రావచ్చు. రెండో హోటల్ ఆలోచన వచ్చేదాకా ఆ ఖర్చు మీకు అక్కర్లేదు. కాకపోతే అదే పేరును ఎవరైనా ముందే నమోదు చేసుకున్నారేమో ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతికి చూడండి.

ఇక ‘గ్రాండ్’ గురించి మీ వారికి నా మాటగా చెప్పండి: 24 కుర్చీలకు ఆ మాట బరువెక్కువ. మూడు నెలలయ్యాక వెలుగు బోర్డు చేయించేటప్పుడు అక్షరాల రంగు ఆయన్నే ఎంచుకోమనండి.