నేమ్‌ప్లేట్‌కి ఇస్త్రీ ఎంతసేపు?

ఇంటికి 150×80 మి.మీ. నేమ్‌ప్లేట్, ఉబ్బెత్తు అక్షరాలతో, 3డీ ప్రింటర్‌లో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేస్తున్నాను. పలక నున్నగా రావాలని ప్రూసాస్లైసర్‌లో ఐరనింగ్ ఆన్ చేస్తే టైమ్ రెండు గంటలకు పైగా పెరిగింది. పోనీలే అనుకుంటే, ఐరనింగ్ అయ్యాక అక్షరాలు మొదలయ్యేసరికి ప్రింటర్ టక్ టక్‌మంటూ ప్లాస్టిక్ వదలడం మానేసింది. ఫ్లో పెంచాలా? – ఒక పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్

ఫ్లో సంగతి తర్వాత. ముందు స్పీడ్, గీతల మధ్య దూరం మార్చండి. మీ రెండు తిప్పలకూ మూలం అక్కడే ఉంది.

ఐరనింగ్ అంటే అచ్చంగా ఇస్త్రీయే. పై పొర వేసేశాక వేడి నాజిల్ అదే ఎత్తులో మళ్లీ దగ్గర దగ్గరగా తిరుగుతూ గట్లను కరిగిస్తుంది, పల్లాలు పూడ్చడానికి రవ్వంత ప్లాస్టిక్ వదులుతుంది. మీరు సెట్టింగులు ముట్టుకోలేదనుకుంటాను. అలాగైతే ఫ్లో 15 శాతం, దూరం 0.1 మి.మీ., స్పీడ్ సెకనుకు 15 మి.మీ. ఉంటాయి. మీ పలక వైశాల్యం 12,000 చదరపు మి.మీ. దాన్ని 0.1తో భాగిస్తే నాజిల్ నడవాల్సిన దారి 120 మీటర్లు. సెకనుకు 15 మి.మీ. చొప్పున 8,000 సెకన్లు, అంటే 2 గంటల 13 నిమిషాలు. అక్షరాల కింద పోయే చోటు తీసేసినా పెద్దగా తగ్గదు.

ఇప్పుడు అసలు సంగతి. 0.2 మి.మీ. పొరకు 15 శాతం ఫ్లో అంటే, ఆ రెండుంపావు గంటల్లో కదిలే ఫిలమెంట్ మొత్తం దాదాపు 15 సెంటీమీటర్లు. నిమిషానికి మిల్లీమీటరు పైచిలుకు! మామూలుగా చల్లటి ఫిలమెంట్ దిగుతూ ఉండటం వల్ల దాని పైభాగం గట్టిగా ఉంటుంది. ఇక్కడ అది దాదాపు నిలబడిపోయింది. ప్లాస్టిక్‌ని కరిగించే హాట్‌ఎండ్ వేడి పైకి పాకి, పీఎల్ఏ కరగాల్సిన చోటుకంటే పైనే మెత్తబడి ఉబ్బి ఇరుక్కుంటుంది. దీన్నే హీట్ క్రీప్ అంటారు. ఆ టక్ టక్, ఫిలమెంట్‌ని కిందికి తోసే ఎక్స్‌ట్రూడర్ గేర్ జారుతున్న చప్పుడు. మే నెలలో, మేడ మీద గదిలో, ప్రింటర్ తలుపులు మూసి పెట్టారా, ఇక చెప్పక్కర్లేదు. పీఎల్ఏకి మూత, తలుపు రెండూ తీసేయండి.

దూరం 0.2, స్పీడ్ 30 పెట్టి చూడండి. దారి 60 మీటర్లకు తగ్గి 33 నిమిషాల్లో అయిపోతుంది. అదే 15 సెంటీమీటర్లు నాలుగు రెట్లు వేగంగా దిగుతుంది కాబట్టి ఇరుక్కునే భయమూ తగ్గుతుంది. నాజిల్ మొన చుట్టూ ఉండే చదును భాగం 0.2 కంటే చాలా వెడల్పు, అందుకే గీతలు ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉంటాయి. ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టి చూస్తే చారలు కనిపిస్తున్నాయా? దూరం 0.15 చేయండి, 44 నిమిషాలవుతుంది. అంతకంటే కిందికి నేనైతే దిగను.

ఫ్లో తేల్చడానికి మొత్తం పలక వృథా చేయకండి. 30 మి.మీ. చదరాలు మూడు, 10, 15, 20 శాతాలతో వేయండి. వేలితో రాస్తే గరుకుగా తగిలి, అంచున చిన్న కట్టలాగా ప్లాస్టిక్ పేరుకుంటే ఫ్లో ఎక్కువైనట్టు. సూదిమొనంత గుంటలు, పాత గీతల నీడలు మిగిలితే తక్కువైనట్టు. మూడింటిలోనూ పేరుకుంటే తప్పు ఐరనింగ్‌ది కాదు, మీ మామూలు ఫ్లోయే ఎక్కువగా ఉంది. అది ముందు సరిచేసుకోవాలి. పై పొరలు రెండు మూడే ఉండి ఇన్‌ఫిల్ మధ్యలో కుంగినా అంతే, ఇస్త్రీతో అది నిండదు. పొరలు ఐదు చేయండి.

ఇక అక్షరాలు. వాటికి ఐరనింగ్ దండగ. తలకట్టు, క్రారవడి లాంటి సన్నటి చోట్ల నాజిల్ అటూ ఇటూ గింజుకోవడమే తప్ప నునుపు రాదు, పైగా అంచులు మొద్దుబారతాయి. `Topmost surface only` పెడితే మీకు సరిగ్గా ఉల్టా అవుతుంది: పలకను వదిలేసి అక్షరాలకే ఇస్త్రీ చేస్తుంది. మొత్తం మోడల్‌కి ఐరనింగ్ ఆపేసి, రైట్ క్లిక్‌లో `Height range Modifier` తీసుకుని, పలక మందం వరకే, అంటే 3 మి.మీ. పలకైతే 0 నుంచి 3 వరకు, ఐరనింగ్ ఆన్ చేసి `All top surfaces` ఎంచుకోండి. స్లైస్ చేశాక ప్రివ్యూలో `Ironing` వరుస పక్కన ఎంత టైమ్ పడుతుందో కనిపిస్తుంది.

తర్వాత ప్రైమర్ కొట్టి పెయింట్ వేసే ఉద్దేశం ఉంటే ఆ 33 నిమిషాలూ అక్కర్లేదు, ఎలాగూ ఎమరీ పేపర్ పడుతుంది. గుండ్రటి పైభాగం ఉన్న బొమ్మలకూ వద్దు, మెట్టు మెట్టుకీ ఒక మెరుపు పట్టీ తేలి ఇంకా అసహ్యంగా ఉంటుంది. అక్షరాలు ఉబ్బెత్తుగా కాక పలకతో సమంగా, రెండు రంగుల్లో ఉన్నా చాలు అనుకుంటే మోడల్‌ని బోర్లించి ప్రింట్ చేయండి. నున్నటి బెడ్ ఉంటే దాని నునుపు ముఖానికి ఉచితంగా వస్తుంది.