మాక్ టెస్ట్ అయ్యాక నోట్సు సవరించుకోవడం గురించి మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

నువ్వు ఫోనులో పంపిన ప్రశ్నపత్రం, పాలిటీ నోట్సు ఫోటోలు రెండు రోజులు తీరికగా చూశాను. గ్రూప్-2 మెయిన్స్ మొదటి పేపర్లో పాలిటీకి ఉన్న 75 ప్రశ్నల్లో 46 ఒప్పు, 21 తప్పు, 8 వదిలేశావు. తప్పుకు మూడో వంతు చొప్పున ఏడు మార్కులు పోగా మిగిలింది 39. ఆ అంకె చూసి, నోట్సు మొత్తం కొత్తగా రాస్తానన్నావట. మీ అమ్మ చెప్పింది. ఆ పని చేయకు. ఒకసారి నేను చేశాను. కొత్త నోట్సు అందంగా తయారయ్యేసరికి పరీక్ష వచ్చేసింది. చదవడానికి రోజులు మిగల్లేదు.

ముందు ఆ 29 ప్రశ్నలను విడదీద్దాం, ఎందుకంటే అన్నీ ఒక జబ్బు కాదు. నీ నోట్సు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చూశాను. ఐదు ప్రశ్నల్లో 'సరికానిది ఏది' అని అడిగితే నువ్వు సరైనది గుర్తించావు. అవి నోట్సు తప్పులు కావు, కంటి తప్పులు. వాటి కోసం నోట్సులో ఒక్క అక్షరం కూడా చేర్చనక్కర్లేదు. 'కానిది' అన్న మాట చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టడం అలవాటు చేసుకుంటే చాలు. పదకొండింటికి జవాబు నీ నోట్సులోనే ఉంది, అయినా రాలేదు. మిగిలిన పదమూడు విషయాలు నోట్సులో అసలు లేవు. నిజంగా చేర్చవలసినవి ఆ పదమూడే.

ఆ పదమూడింటిలో ఆరు స్థానిక సంస్థలవి. నీ దగ్గర 73వ సవరణ మీద అర పేజీ మాత్రమే ఉంది. నాలుగు కాగ్, ఆర్థిక సంఘం లాంటి రాజ్యాంగ సంస్థలవి. తక్కిన మూడూ మూడు దిక్కుల నుంచి వచ్చినవి. ఒకే చోట ఆరు ప్రశ్నలు పోయాయంటే అక్కడ గొయ్యి ఉన్నట్టు. ఆ పాఠం మొత్తం మళ్లీ చదివి పేజీన్నర రాసుకో. రాజ్యాంగ అధికరణల్లో 243-డి రిజర్వేషన్లు, 243-ఐ రాష్ట్ర ఆర్థిక సంఘం, 243-కె రాష్ట్ర ఎన్నికల సంఘం, 243-జెడ్‌డి జిల్లా ప్రణాళికా సంఘం రావాలి. 243-ఇ దగ్గర మాత్రం కాస్త ఆగు. పంచాయతీ గడువు ఐదేళ్లని నీకు తెలుసు. మధ్యలో రద్దయితే ఆరు నెలల్లోపు ఎన్నిక జరగాలనీ తెలుసు. అలా ఎన్నికైన కొత్త పంచాయతీ మిగిలిన కాలానికే ఉంటుంది, మళ్లీ ఐదేళ్లు కాదు. నువ్వు వదిలేసిన ప్రశ్న సరిగ్గా ఇదే. రాజ్యాంగ సంస్థలకు అర పేజీ చాలు. విడిగా పోయిన మూడింటికి మూడు వాక్యాలు రాసి సరిపెట్టు. ఒక్క ప్రశ్న పోయిందని ఒక అధ్యాయం చేర్చకూడదు.

చేర్చేముందు ప్రతి జవాబునూ మూలంలో సరిచూసుకో. నా రోజుల్లో ఒక శిక్షణ కేంద్రం ఇచ్చిన కీలో 11వ షెడ్యూలుకు 18 అంశాలు, 12వ షెడ్యూలుకు 29 అంశాలు అని తారుమారుగా అచ్చయింది. నేను దాన్ని నోట్సులోకి ఎక్కించి రెండు నెలలు భక్తిగా చదివాను. పంచాయతీల 11వ షెడ్యూలులో 29, పట్టణాల 12వ షెడ్యూలులో 18 అని తెలిసిన తర్వాత కూడా తొందరలో పాతదే నోట్లోకి వచ్చేది. తప్పుగా నేర్చుకున్నదాన్ని వదిలించుకోవడానికి, నేర్చుకోవడం కన్నా ఎక్కువ కాలం పట్టింది.

ఇక నోట్సులో ఉండి కూడా రాని పదకొండు. ఇక్కడే చాలామంది పొరపడతారు. రాలేదు కాబట్టి ఇంకాస్త వివరంగా రాయాలనుకుంటారు. నీ రిట్ల పేజీలు చూడు. ప్రొహిబిషన్‌కు ఒక పేరా, సెర్షియోరరికి ఒక పేరా, రెండూ మూడు పేజీల మధ్య ఎక్కడెక్కడో ఉన్నాయి. చదివినప్పుడు రెండూ అర్థమవుతాయి, అడిగినప్పుడు ఒకదానికి ఇంకొకటి వస్తుంది. ఆ రెండు పేరాలూ కొట్టేసి ఒకే గీత మీద ఎదురెదురుగా రాయి: విచారణ సాగుతుండగానే కింది కోర్టును ఆపేది ప్రొహిబిషన్, ఉత్తర్వు వెలువడ్డాక దాన్ని రద్దు చేసేది సెర్షియోరరి. దాని కిందే ఇంకో జత: 32 కింద సుప్రీంకోర్టు ప్రాథమిక హక్కుల అమలు కోసమే రిట్లు ఇస్తుంది, 226 కింద హైకోర్టు ఇతర హక్కుల కోసం కూడా ఇస్తుంది. ఇలా చేస్తే మూడు పేజీలు ఒక పేజీ అవుతాయి.

తీసేయడం గురించి నీకు ఎక్కువ భయం ఉన్నట్టుంది. ప్రాథమిక హక్కుల మీద వచ్చిన ఏడు ప్రశ్నలూ సరిగ్గా రాశావు, అయినా ఆ ఆరు పేజీలు ముట్టుకోవడానికి చెయ్యి రావడం లేదు. నేను అనుమానం ఉన్నవాటి పక్కన చుక్క పెట్టమన్నాను కదా. నీ 46 ఒప్పుల్లో 12 చుక్కలవే. అవి అదృష్టం. వాటికి సంబంధించిన పేజీల జోలికి ఇప్పుడు పోకు. హక్కుల ప్రశ్నల్లో మాత్రం ఒక్క చుక్క కూడా లేదు. అయినా నీ చేతిరాత చూసి 'ఇది నాకు వచ్చు' అనిపించడాన్ని నమ్మకు. ఆ పేజీలు మూసి, తెల్లకాగితం మీద 14 నుంచి 32 వరకు గుర్తున్నంత రాయి. ఎక్కడా ఆగకుండా రాయగలిగితే ఆరు పేజీలనూ అర పేజీకి దించు.

ఆ అర పేజీలో ఏం ఉంచాలి? సాధారణ సూత్రాలు తీసేయి, మినహాయింపులు ఉంచు, ఎందుకంటే ముందుగా జారిపోయేవి అవే. పౌరులకే వర్తించేవి 15, 16, 19, 29, 30. అత్యవసర పరిస్థితిలోనూ 20, 21 అమలును నిలిపివేయడానికి వీల్లేదు, 1978 నాటి 44వ సవరణ అలా మార్చింది. యుద్ధం, బయటి దాడి కారణంగా విధించిన అత్యవసర పరిస్థితిలోనే 358 కింద 19 తనంతట తాను నిలిచిపోతుంది, సాయుధ తిరుగుబాటు కారణమైతే కాదు. ఇవి నాలుగైదు వరుసల్లో పడతాయి.

తీసిన ఆరు పేజీలు చించి పారేయకు. వేరే కవరులో పెట్టి, పైన తేదీ వెయ్యి. వేరే చోట రాసే తర్వాతి మాక్‌లో హక్కుల ప్రశ్న ఒక్కటైనా పోతే, లేదా చుక్కతో ఒప్పయితే, ఆ భాగం ఉన్న పేజీ ఒక్కటే వెనక్కి తెచ్చుకో. రెండు మాక్‌ల పాటు కవరు తెరవాల్సిన పని పడకపోతే ఆ పాఠం నీదైనట్టే. కుట్టిన లాంగ్ నోట్‌బుక్‌లో ఇదంతా కుదరదు. రంధ్రాలు పొడిచిన విడి కాగితాలు, ఒక ఫైలు కొనుక్కో. నేను ఒకప్పుడు చీటీలు అతికించి, బాణాలు గీసి, చివరికి ఏ బాణం ఎక్కడికి పోతుందో వెతుక్కున్నాను.

నీ లెక్క ఇలా తేలుతుంది. ఇప్పుడు 62 పేజీలున్నాయి. స్థానిక సంస్థలకు ఒకటి, రాజ్యాంగ సంస్థలకు అర పెరుగుతాయి. హక్కుల్లో ఐదున్నర, రిట్లలో రెండు తగ్గుతాయి. 56 దగ్గర ఆగుతుంది. 60 దాటకుండా చూసుకో. దాటితే పరీక్ష ముందురోజు పూర్తిగా తిరగేయలేవు.

ఈ పని మాక్ రాసిన రాత్రే చేయొద్దు, ఆ రోజు ప్రతి తప్పూ కొండంత కనిపిస్తుంది. మర్నాడు ఉదయం మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోతుంది. ఈ ఆదివారం రాసే మాక్‌లోనూ చుక్కలు పెట్టడం మరిచిపోకు. దసరాకు వచ్చేటప్పుడు ఫైలూ కవరూ రెండూ తీసుకురా. 243-ఇ నేనే అడుగుతాను. అత్తయ్య నీకు అరిసెలు ఎన్ని కావాలో కనుక్కోమంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య