మోకాలి సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి మాత్ర ఆపండి

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. ఏడాదిగా మెట్లు ఎక్కి దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి. దిగేటప్పుడు మరీ ఎక్కువ. కాసేపు కూర్చుని లేస్తే పట్టేసినట్టు ఉంటుంది, నాలుగు అడుగులు వేస్తే సర్దుకుంటుంది. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. నొప్పికి మందుల షాపులో ఇచ్చిన ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ మాత్ర మూడు నెలలుగా రోజుకు రెండు వేసుకుంటున్నాను. ఈమధ్య సాయంత్రానికి పాదాలు కొంచెం వాస్తున్నాయి. మోకాలిలో గుజ్జు అరిగిపోయిందంటున్నారు. గుజ్జు పెరగడానికి ఏ మందు వాడాలి?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది మోకాలు కాదు, చివర్లో రాసిన పాదాల వాపు. దాని సంగతే ముందు చూద్దాం.

మీ బీపీ మాత్రలో రెండు మందులున్నాయి. టెల్మిసార్టాన్ రక్తనాళాలను వదులు చేస్తుంది. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చోట, రక్తం బయటికి వెళ్లే నాళాన్ని కూడా వదులు చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటిని, ఉప్పును మూత్రంలో పంపేస్తుంది. ఈ రెండూ మంచి మందులే. వీటికి ఎసిక్లోఫెనాక్ తోడైతేనే చిక్కు. కిడ్నీలోకి రక్తం వచ్చే నాళం బిగుసుకోకుండా కాపాడే రసాయనాలు మన ఒంట్లోనే తయారవుతుంటాయి. నొప్పి మాత్ర వాటిని అడ్డుకుంటుంది. ఒంట్లో నీరు తగ్గి, వచ్చే దారి ఇరుకై, పోయే దారి వదులైతే వడకట్టడానికి కావలసిన ఒత్తిడి కిడ్నీకి అందదు. ఆ సమయంలో నాలుగు వాంతులో విరేచనాలో అయితే పరిస్థితి తొందరగా చెడుతుంది.

మీ పాదాల వాపుకు ఇదే కారణమని చూడకుండా చెప్పలేను. గుండె, కాలి సిరలు కూడా కారణం కావచ్చు. కానీ ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఒంట్లో నీరు నిలిచిపోయేలా చేస్తాయి, బీపీని పెంచుతాయి. మూడు నెలల్లో మీరు బీపీ చూపించుకున్నారో లేదో రాయలేదు.

అందుకని, మరో జబ్బుకు డాక్టరే రాసి ఉంటే తప్ప, ఆ నొప్పి మాత్ర ఈరోజే ఆపండి. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఈ వారంలోనే బీపీ చూపించుకుని, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, హిమోగ్లోబిన్, మూత్ర పరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ ఎందుకంటే, ఈ వయసులో ఈ నొప్పి మాత్రలకు కడుపులో పుండు పడి, నొప్పి లేకుండానే రక్తం పోవచ్చు. మలం తారులా నల్లగా వస్తున్నా, మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వస్తున్నా వారం ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఒకటుంది. మూడు నెలలు రోజుకు రెండు మాత్రలు వేసుకున్నారు, ఒక్కసారీ డాక్టరుకు మోకాలు చూపించలేదు. షాపులో మాత్ర ఇచ్చినవాళ్లకు మీ బీపీ మందు పేరు తెలియదు, మీరూ చెప్పి ఉండరు. ఇది ఆపి మరో పేరున్న మాత్ర తెచ్చుకున్నా లాభం లేదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ అన్నీ ఒకే కుటుంబం.

ఇక మోకాలు. 45 దాటినవారికి కదలికతో వచ్చే నొప్పి, ఉదయం పట్టేయడం అరగంటలోపు వదిలేయడం ఉంటే అది చాలావరకు కీలు అరిగి వచ్చే ఆస్టియో ఆర్థరైటిసే. మెట్ల మీద ఎక్కువ కావడానికి కారణం ఉంది. మెట్టు దిగేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు సుమారు మూడు రెట్ల భారం పడుతుంది. పైగా మోకాలు వంగుతూ ఉండగానే తొడ ముందు కండరం బ్రేకులా పట్టి ఉంచాలి. ఆ కండరం నీరసిస్తే మోకాలి చిప్ప వెనుక నొప్పి తెలుస్తుంది.

అయితే చూడకుండా తేల్చకూడదు. మోకాలు నొప్పి అని వచ్చిన ఒక పెద్దావిడకు రెండు ఎక్స్‌రేల్లోనూ మోకాలు అరిగినట్టే ఉంది. నా ముందు స్టూలు మీద కూర్చుని చెప్పు తొడుక్కోబోయి, ఆ కాలు పైకి ఎత్తలేక చెప్పును నేల మీదే పాదంతో వెతుక్కున్నారు. తుంటి తిప్పి చూస్తే గజ్జలో నొప్పి. అసలు జబ్బు తుంటిలో ఉంది, నొప్పి మోకాలి దగ్గర తెలుస్తోంది. ఎక్స్‌రేలో అరుగుదల కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని కాదు. మీకూ చెప్పులు వేసుకోవడం కష్టంగా ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఉదయం పట్టేయడం గంట దాకా ఉన్నా, చేతివేళ్ల కణుపులు వాచినా కీళ్లవాతం కోసం రక్తపరీక్షలు కావాలి. మోకాలు వేడెక్కి ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి కాలు మోపలేకపోయినా, పిక్క వాచి నొప్పెట్టినా అదే రోజు చూపించాలి.

మీరు అడిగిన గుజ్జు మందు: అరిగిన గుజ్జును తిరిగి పెంచుతుందని రుజువైన మాత్ర ఇప్పటికి లేదు. గ్లూకోసమిన్ మీద చాలా పరీక్షలు జరిగాయి, నమ్మదగిన లాభం కనిపించలేదు.

పనిచేసేది తొడ కండరం. కుర్చీలో వెనక్కి ఆని కూర్చుని కుడికాలు నిటారుగా చాపి, మనసులో ఐదు లెక్కపెట్టి, మెల్లగా దించండి. మెల్లగా దించడమే ముఖ్యం, మెట్టు దిగేటప్పుడు కావలసిన బలం అదే. పదిసార్లు, రోజుకు రెండు పూటలు. అలవాటయ్యాక, కొంచెం ఎత్తున్న కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేచి కూర్చోవడం మొదలుపెట్టండి. చేశాక కాస్త నొప్పి రావచ్చు, మర్నాటికి తగ్గిపోతే ఫర్వాలేదు. తగ్గకపోతే సంఖ్య తగ్గించండి గానీ మానేయవద్దు. తేడా తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, చాలామంది రెండో వారంలోనే వదిలేస్తారు. మీ బరువెంతో రాయలేదు. ఎక్కువుంటే, కిలో తగ్గినా నడిచే ప్రతి అడుగులో మోకాలికి దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

అప్పటిదాకా మెట్లు ఎక్కేటప్పుడు ఎడమకాలు ముందు, దిగేటప్పుడు కుడికాలు ముందు వేయండి. రెయిలింగ్ వదలకండి. కర్ర పట్టుకుంటే ఎడమచేత్తో పట్టుకోండి. ఇంకా నొప్పిగా ఉంటే పూతగా వాడే డైక్లోఫెనాక్ జెల్ రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది. కానీ మీ విషయంలో క్రియాటినిన్ చూశాకే, డాక్టరును అడిగి వాడండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీ మీద పేర్లు రాసుకుని వెళ్లకండి. బీపీ మాత్ర, నొప్పి మాత్ర, అప్పుడప్పుడు వేసుకునేవీ, ఖాళీ అయినవీ కలిపి అన్ని స్ట్రిప్పులూ ఒక కవర్లో వేసి పట్టుకెళ్లండి.