30 పీపీఎం అని రాసిన ఉప్పులో 17 ఎందుకొచ్చింది?

"హన్మకొండలో బీఎస్సీ చదువుతున్న. ఉప్పు ప్యాకెట్ మీద 30 పీపీఎం అని ఉంది. 10 గ్రాములకు 0.005 మోలార్ థయో 1.6 మి.లీ. పడింది, లెక్కేస్తే అయోడిన్ 17 పీపీఎం వచ్చింది. ఉప్పు తప్పా, నా టైట్రేషన్ తప్పా?"

మీ లెక్క సరైనదే. ఒక మోల్ అయోడేట్‌కు ఆరు మోల్‌ల థయో పడుతుంది కాబట్టి ఈ గాఢతలో 1 మి.లీ. థయో అంటే 0.1058 మి.గ్రా. అయోడిన్, అంటే 10 గ్రాముల ఉప్పులో 10.58 పీపీఎం. మీకు 16.9 వచ్చింది.

ముందు ప్యాకెట్ మళ్లీ చదవండి. ఆ 30 అయోడిన్‌దా, పొటాషియం అయోడేట్‌దా? అయోడేట్ బరువులో అయోడిన్ 59.3 శాతమే. 30 అయోడేట్‌దైతే అయోడిన్ 17.8 ఉండాలి, థయో 1.68 మి.లీ. పడాలి. మీకు తగ్గింది 0.08 మి.లీ., ఒకటి రెండు చుక్కల తేడా. అప్పుడు ఉప్పూ సరైనదే, మీరూ సరైనవారే.

30 అయోడిన్‌దే అయితే చేసిన తీరు చూడాలి. పాత థయో మీద నెపం వేయొద్దు. అది బలం తగ్గితే ఎక్కువ పడి విలువ పెరుగుతుంది. పసుపెక్కిన KI ద్రావణం కూడా విలువను పెంచేదే. తగ్గించేది మన ఎండాకాలం. ల్యాబ్‌లో 40 డిగ్రీలుంటే అయోడిన్ ఆవిరైపోతుంది, స్టార్చ్ నీలం కూడా పలచబడి ముందే పోయినట్టు కనిపిస్తుంది. పొద్దున్నే చేయండి. ఆమ్లం, KI కలిపాక ఫ్లాస్క్‌కు మూత పెట్టి, చల్లటి నీళ్ల గిన్నెలో, చీకట్లో పది నిమిషాలు ఉంచండి. థయో వేస్తూ రంగు ఎండుగడ్డిలా లేతబడ్డాకే స్టార్చ్ వేయాలి. ముందే వేస్తే అయోడిన్ స్టార్చ్‌ను పట్టుకుని తొందరగా వదలదు, నీలం పోవడానికి థయో ఎక్కువ పడుతుంది.

తప్పు ఎవరిదో తేల్చడానికి ఒక దారి ఉంది. ఎండబెట్టిన KIO3 0.1686 గ్రాములు లీటరు నీళ్లలో కరిగిస్తే మిల్లీలీటరుకు 0.1 మి.గ్రా. అయోడిన్ ఉంటుంది. ఉప్పు బదులు ఇది 3 మి.లీ. తీసుకుని, మిగతాదంతా అలాగే చేయండి. 2.84 మి.లీ. పడాలి. పడితే మీ చెయ్యి బాగుంది, ఉప్పులోనే తక్కువ.

అప్పుడైనా పైపై నుంచి తీసిన 10 గ్రాములతో తేల్చకండి. తేమ పట్టిన ప్యాకెట్‌లో అయోడేట్ నీటితోపాటు అడుగుకు దిగుతుంది. ప్యాకెట్ మొత్తం కలిపి, 50 గ్రాములు తూచి 250 మి.లీ.కి కరిగించి, అందులో 50 మి.లీ. తీయండి. అదే 10 గ్రాములు. ఇలా మూడుసార్లు చేయండి, 0.05 మి.లీ.కి మించి తేడా రాకూడదు.

అమ్మకం దగ్గర ఉండాల్సిన కనీసం 15 పీపీఎం. 17 దానికి పైనే ఉంది, కానీ లేబుల్ మీది 30 అయోడిన్‌దే అయితే దానికి అది సరిపోదు.